క్యాంటీన్ విషయమై ప్రిన్సిపాల్ గారికి ఒక తండ్రి లేఖ



పాఠశాల క్యాంటీన్ మీద ఫిర్యాదు చేసే తల్లిదండ్రులలో చాలామంది ఒక విషయాన్ని గమనించరు. పట్టణాలలోని ప్రైవేటు పాఠశాలలలో క్యాంటీన్ తరచుగా పాఠశాలది కాదు. ఏడాదికింత అని అద్దె చెల్లించి ఒక చిన్న వ్యాపారి దానిని నడుపుకొంటాడు. అతనికి దొరికేది రోజుకు రెండు విరామాలు. ఒకటి పది నిమిషాలు, మరొకటి అరగంట. ఆ కొద్ది సమయంలో వందల చేతులు ఒకేసారి కిటికీలోకి వస్తాయి. కాబట్టి అతనికి కావలసిన సరుకు ఎలాంటిదంటే, చేతికి అందించడానికి రెండు క్షణాలు పట్టాలి, ధర ఐదో పదో ఇరవయ్యో అయి చిల్లర బాధ ఉండరాదు, సాయంత్రానికి మిగిలితే రేపటికి పాడు కారాదు. రంగుల ప్యాకెట్టు, తీపి పానీయపు సీసా ఈ మూడు షరతులనూ నెరవేరుస్తాయి. అక్కడ అవే కనిపించడానికి కారణం ఇదే. వ్యాపారికి మన పిల్లల మీద పగ ఏమీ లేదు.

నల్లగొండలో ఒక ప్రైవేటు పాఠశాలకు నాలుగవ తరగతి చదివే కుమారుణ్ణి పంపుతున్న తండ్రి ఒకరు మా మక్తబ్‌కు వస్తూ పోతూ ఉంటారు. ఆయన ప్రిన్సిపాల్ గారికి ఆరు పంక్తుల లేఖ వ్రాశారు. క్యాంటీన్‌లో చెత్త తిండి అమ్ముతున్నారనీ, పిల్లల ఆరోగ్యాలు పాడవుతున్నాయనీ, వెంటనే ఆపివేయాలనీ దాని సారాంశం. పరిశీలిస్తామని జవాబు వచ్చింది. కిటికీలో ఏమీ మారలేదు. భాష బాగులేకనే పని కాలేదేమోనని అనుకొని, దిద్ది ఇమ్మని ఆయన ఆ కాగితాన్ని మాకు ఇచ్చారు. చదివి చూస్తే భాషలో పెద్ద లోపమేమీ లేదు. ఆ లేఖ చదివిన ప్రిన్సిపాల్ మరుసటి ఉదయం ఏమి చేయాలన్నది మాత్రం అందులో ఎక్కడా లేదు. చెత్త తిండి అంటే ఏది? దాని స్థానంలో ఏది? ఏ అధికారంతో వ్యాపారిని మార్చమనాలి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు ఉంటేనే లేఖ పని చేస్తుంది. ఆ జవాబులను మేము, ఆయన కలిసి వెతికాము. అవి ఇతర కుటుంబాలకు కూడా ఉపయోగపడవచ్చునని ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదట అధికారం సంగతి చూద్దాము. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2020లో పాఠశాల పిల్లల ఆహారం గురించి ప్రత్యేకంగా నిబంధనలు ప్రకటించింది. అవి 2021 జూలై 1 నుండి అమలులో ఉన్నాయి. సంతృప్త కొవ్వు, ట్రాన్స్ కొవ్వు, కలిపిన చక్కెర, ఉప్పులోని సోడియం అధికంగా ఉన్న పదార్థాలను పాఠశాల క్యాంటీన్‌లో గాని, హాస్టల్ వంటశాలలో గాని, పాఠశాల గేటు నుండి ఏ దిక్కుగానైనా 50 మీటర్ల లోపల గాని పిల్లలకు అమ్మరాదని వాటిలో ఉన్నది. అమ్మడమే కాదు, ఆ ఆవరణలో వాటికి ప్రచారం చేయడం, ఉచితంగా పంచడం కూడా నిషిద్ధమే. గేటు దగ్గర ఈ విషయం తెలిపే బోర్డు పెట్టవలసిన బాధ్యత పాఠశాల యాజమాన్యానిది. యాజమాన్యమే క్యాంటీన్ నడిపితే యాజమాన్యం, కాంట్రాక్టరు నడిపితే కాంట్రాక్టరు ఆహార భద్రతా సంస్థ వద్ద రిజిస్ట్రేషన్ గాని లైసెన్సు గాని పొంది ఉండాలి.

ఈ నిబంధన ఆకాశం నుండి ఊడిపడలేదు. ఢిల్లీలోని ఉదయ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 2010లో అక్కడి హైకోర్టుకు వెళ్ళింది. పాఠశాలలలోను, వాటి చుట్టుపక్కలను ఇటువంటి తిండి అమ్మకుండా ఆపాలని కోరింది. వాదోపవాదాలు, కమిటీలు, ముసాయిదాలు ఏళ్ళ తరబడి నడిచాయి. 2015లో కోర్టు మార్గదర్శకాలను అమలులోకి తెమ్మని ఆదేశించిన తరువాత కూడా నిబంధన రావడానికి మరో ఐదేళ్ళు పట్టింది. ఇంత కష్టపడి వచ్చిన నిబంధన చాలా పాఠశాలల గేటు వరకు చేరనే లేదు. నల్లగొండ తండ్రిని మేము అడిగాము, గేటు దగ్గర ఆ బోర్డు ఉన్నదా అని. ఫీజుల బోర్డు, ర్యాంకుల బోర్డు ఉన్నాయని ఆయన చెప్పారు.

అయితే ఈ నిబంధనను చేతపట్టుకొని పోయి గద్దించడం వల్ల లాభం లేదు. అందులో ఏ ప్యాకెట్టు పేరూ ఉండదు. ‘మా దగ్గర అటువంటివి లేవు’ అని ప్రిన్సిపాల్ గారు సులభంగా అనవచ్చు. అందుచేత ఫలానాది అధికం అని చూపవలసింది మనమే. చూపడానికి ప్రయోగశాల అవసరం లేదు, ప్యాకెట్టు వెనుక ముద్రించిన పట్టిక చాలు.

ఆ పట్టికను చదవడంలో ఒక మెళకువ ఉన్నది. అంకెలు సాధారణంగా 100 గ్రాములకు ఇస్తారు, పక్కనే ఒక వడ్డనకు అని మరొక వరుస ఉంటుంది. ఆ వడ్డన అన్నది కొన్నిసార్లు ప్యాకెట్టు మొత్తం కంటే చిన్నదిగా ఉంటుంది. పిల్లవాడు ప్యాకెట్టులో సగం తిని మిగతాది దాచుకోడు గదా! కాబట్టి 100 గ్రాముల వరుసను తీసుకొని, ప్యాకెట్టు బరువుతో మనమే లెక్క కట్టుకోవాలి. ఉదాహరణకు 30 గ్రాముల మసాలా చిప్స్ ప్యాకెట్టు మీద 100 గ్రాములకు కొవ్వు 33 గ్రాములు, సోడియం 800 మిల్లీగ్రాములు అని ఉన్నదనుకొందాము. అప్పుడు పిల్లవాని కడుపులోకి పోయేది సుమారు 10 గ్రాముల కొవ్వు, అంటే రెండు టీ చెంచాల నూనె. సోడియం 240 మిల్లీగ్రాములు. సోడియంను రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది, అది 600 మిల్లీగ్రాములు. పెద్దవారికి రోజంతటికీ 5 గ్రాముల లోపే ఉప్పు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, పిల్లలకు అంతకంటే తక్కువ. పప్పు, కూర, పచ్చడి అన్నిటిలోని ఉప్పు ఇంకా లెక్కలోకి రానేలేదు.

తీపి పానీయం లెక్క ఇంకా స్పష్టంగా ఉంటుంది. 100 మిల్లీలీటర్లకు చక్కెర 11 గ్రాములు అని ఉన్న 200 మిల్లీలీటర్ల సీసాలో 22 గ్రాముల చక్కెర ఉంటుంది. టీ చెంచాకు 5 గ్రాములు అనుకొంటే నాలుగు చెంచాలు దాటిపోయింది. రోజు మొత్తం శక్తిలో కలిపిన చక్కెర వాటా పదవ వంతుకు మించరాదని, ఇరవయ్యవ వంతు లోపల ఉంటే మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఏడు నుండి తొమ్మిదేళ్ళ పిల్లవానికి రోజుకు 1700 కేలరీలు అవసరమని మన దేశపు పోషకాహార లెక్క. అందులో ఇరవయ్యవ వంతు అంటే 21 గ్రాముల చక్కెర. మేలైన హద్దు ఒక్క సీసాతోనే దాటిపోయింది. పండు బొమ్మ ఉన్న సీసాలకు కూడా ఇదే లెక్క వర్తిస్తుంది. మామిడి పండు బొమ్మ ఎంత పెద్దదైనా, దినుసుల జాబితాలో నీరు, చక్కెర ఎన్నో స్థానంలో ఉన్నాయో చూడండి. బరువులో ఎక్కువైన దినుసును ముందు ముద్రించడం నియమం.

ప్యాకెట్టు లేని తిండికి పట్టిక ఉండదు. సమోసా, మిర్చి బజ్జీ, పునుగుల విషయంలో చూడవలసింది నూనె. ఒకే నూనె పదే పదే కాగినప్పుడు అందులో విరిగిన కొవ్వుల నుండి చెడు పదార్థాలు పుడతాయి. వాటి మొత్తం నూనెలో 25 శాతం దాటితే ఆ నూనెను వంటకు వాడరాదని 2018 జూలై 1 నుండి నియమం ఉన్నది. దానిని కొలిచే పరికరం మన దగ్గర ఉండదు గాని కన్ను, ముక్కు ఉన్నాయి. నూనె ముదురు గోధుమ రంగుకు తిరిగి చిక్కబడుతుంది, చల్లారిన తరువాత జిడ్డుగా తీగ సాగుతుంది. పిండి వేసినప్పుడు బుడగలు వెంటనే ఆరిపోక నురుగుగా నిలుస్తాయి. మామూలు మంట మీదనే పొగ లేచి కళ్ళు మండుతాయి. నిన్నటి నూనెలో కొత్త నూనె కలిపితే రంగు తేలికపడుతుంది, పాత చెడు మాత్రం అందులోనే ఉంటుంది. ఆ బజ్జీని పాత వార్తాపత్రికలో చుట్టి ఇవ్వడం మరొక దురలవాటు. అచ్చు సిరా వేడి నూనెకు కరిగి తిండికి అంటుకొంటుంది. వార్తాపత్రికలో ఆహారం పొట్లం కట్టరాదని ఆహార భద్రతా సంస్థ స్పష్టంగా చెప్పింది.

ఇక నల్లగొండ జిల్లాకే ప్రత్యేకమైన సంగతి నీరు. మర్రిగూడ, మునుగోడు పరిసరాల పాఠకులకు ఫ్లోరైడ్ గురించి మేము చెప్పనవసరం లేదు, వారి ఇళ్ళలోనే దాని గుర్తులు ఉన్నాయి. నీటి నుండి ఫ్లోరైడ్‌ను తీసే ఒక పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ విధానమని. ఇప్పుడు చాలా ఊళ్ళకు నది నీరు వస్తున్నది. అయినా క్యాంటీన్ వాడు కుళాయి రాని రోజు బోరు నీరు వాడుతున్నాడా అన్నది అడిగి తెలుసుకోవలసిన విషయమే. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించితే ఆ నీరు త్రాగడానికి పనికిరాదు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. దీనికి తిండితో కూడా సంబంధం ఉన్నది. ఫ్లోరైడ్ నీటికి కాల్షియం కొరత తోడైతే పిల్లల కాళ్ళు మోకాళ్ళ వద్ద వంకరపోతాయని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1970లలోనే గుర్తించారు. అందువల్ల ఇక్కడి పిల్లవాని చేతిలో తీపి సీసాకు బదులు గ్లాసు మజ్జిగ ఉండడం మరే జిల్లాలోకంటే ఎక్కువ విలువైన మార్పు.

దానికి బదులు ఏది అన్న ప్రశ్న దగ్గరే మొదటి లేఖ కూలిపోయింది. మనం సూచించే పదార్థం పోషకంగా ఉంటే చాలదు, మొదట చెప్పిన వ్యాపారి షరతులకు కూడా దగ్గరగా రావాలి. మేము కూర్చొని లెక్క వేసిన పదార్థం శనగ గుగ్గిళ్ళు, మన వైపు మాటలో గుడాలు. కిలో ఎండు శనగలు రాత్రి నానబెట్టి ఉడికిస్తే రెండు కిలోలకు పైగా అవుతాయి. వంద గ్రాముల చొప్పున ఇరవై కప్పులు. కప్పు పది రూపాయలైతే రెండు వందలు. శనగలు కిలో వంద రూపాయలనుకొని, ఉల్లిగడ్డ, నిమ్మకాయ, పోపు, గ్యాసు, ఆకు దొప్పలకు మరో నలభై వేసుకొన్నా అరవై మిగులుతుంది. ధరలు ఎక్కేవి దిగేవి కాబట్టి ఎవరి ఊరి ధర వారు వేసుకొని చూసుకోవాలి. ప్యాకెట్టు అమ్మితే కంపెనీ ఇచ్చే వాటాతో పోలిస్తే ఇది వ్యాపారికి నష్టం కాదన్నది లేఖలో అంకెలతో కనిపించాలి.

పాలమూరు వైపు పాఠకులకు ఇంకా సౌలభ్యం ఉన్నది. అక్కడ పల్లీల పంట విస్తారం. ఉడికించిన పల్లీలు, పల్లీ పట్టీలు క్యాంటీన్‌కు బాగా నప్పుతాయి, పట్టీలు పాడు కావు కూడా. అయితే బెల్లం కూడా చక్కెరే అన్న సంగతి మరచి పట్టీని మందులా చూడవద్దు, చిన్న ముక్క చాలు. పల్లీలలో బూజు పట్టినవి, ముడుచుకొని నల్లబడినవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయాలి. ఆ బూజు విషం వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు. చౌకగా దొరికే ఏరివేత పల్లీలను కొనకపోవడం మంచిది. పల్లీలు పడని పిల్లలు కూడా ఉంటారు, వారి పేర్లు తరగతి ఉపాధ్యాయుని వద్ద ఉండాలి. కార్తెలను బట్టి పండు మారుతుంది. నల్లగొండ బత్తాయి, బాలానగర్ సీతాఫలం మన నేల పండ్లే. బత్తాయి రసం పిండి చక్కెర కలిపి అమ్మడం కంటే తొనలు ఒలిచి ఇవ్వడం మేలు. సీతాఫలం గింజలతో అల్లరి జరుగుతుందని ఒక ఉపాధ్యాయుడు మాతో అన్నారు. అది నిజమే, చిన్న తరగతులకు వద్దు.

ఉడికించిన తిండికి ఒక పరిమితి ఉన్నది, దానిని దాచరాదు. ప్యాకెట్టు నిలువ ఉంటుంది, గుడాలు ఉండవు. ఎండాకాలం ఉదయం ఆరింటికి ఉడికించి మూత పెట్టినవి మధ్యాహ్నానికి జిగురు పడతాయి, పులిసిన వాసన వస్తుంది. వేడి తగ్గకుండా ఉంచాలి, లేదా వండిన రెండు గంటలలో అమ్ముడు పోవాలి. మొదటి విరామానికే పెట్టి, మిగిలినది రెండవ విరామం తరువాత పారేయాలన్న షరతు ఉండాలి. అందుకే మొదట్లో తక్కువ వండడం మంచిది.

ఇన్ని చూసుకొన్న తరువాత లేఖ ఇలా తయారైంది.

‘గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

మా అబ్బాయి మీ పాఠశాలలో నాలుగవ తరగతి చదువుతున్నాడు. వాని చదువు పట్ల ఉపాధ్యాయులు చూపుతున్న శ్రద్ధకు కృతజ్ఞులము. ఈ లేఖ క్యాంటీన్ విషయమై వ్రాస్తున్నాము.

గత సోమవారం నుండి శనివారం వరకు మా అబ్బాయి క్యాంటీన్‌లో కొన్నవాటిని మేము వ్రాసి ఉంచాము. ఆరు రోజులలో నాలుగు రోజులు చిప్స్ ప్యాకెట్టు, మూడు రోజులు తీపి పానీయం, రెండు రోజులు సమోసా. పండు గాని, ఉడికించిన పదార్థం గాని ఒక్క రోజూ లేదు. ఎందుకని అడిగితే, అబ్బా, అక్కడ అవే ఉంటాయి అన్నాడు. వాడు తెచ్చిన ప్యాకెట్టు, సీసాల మీది పట్టికల నుండి ఉప్పు, కొవ్వు, చక్కెర లెక్క కట్టి ఈ లేఖకు జతపరిచాము. ఖాళీ ప్యాకెట్లు కూడా జతపరిచాము.

పాఠశాల పిల్లల ఆహారంపై 2020లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం ఇటువంటివి పాఠశాలలో అమ్మరాదన్న సంగతి మీ దృష్టికి తెస్తున్నాము. క్యాంటీన్ నడిపేవారికి ఒక్కసారిగా నష్టం కలగడం మా అభిమతం కాదు. అందుచేత మూడు విన్నపాలు చేస్తున్నాము. తీపి పానీయాలను, ఉన్న సరుకు అయిపోయిన తరువాత మళ్ళీ తెప్పించకుండా చేయగలరు. వారానికి రెండు రోజులు, మంగళవారం, గురువారం, మొదటి విరామంలో శనగ గుడాలు, మజ్జిగ పెట్టించి ఒక నెల చూడగలరు. ఖర్చు లెక్క జతపరిచాము. వేయించే నూనెను ఏ రోజు మార్చారో కిటికీ పక్కన పలక మీద వ్రాయించి, వార్తాపత్రికకు బదులు దొప్పలు వాడించగలరు.

క్యాంటీన్ రిజిస్ట్రేషన్ సంఖ్యను కనిపించే చోట ఉంచవలసిందని, త్రాగునీటికి ఫ్లోరైడ్ పరీక్ష చేయించి ఫలితాన్ని తల్లిదండ్రులకు తెలుపవలసిందని కూడా ప్రార్థన.

మా వంతుగా, ఆ రెండు రోజులు పిల్లలకు ఆ పదార్థాలకే డబ్బులిచ్చి పంపుతామని క్రింద సంతకం చేసినవారమందరం మాట ఇస్తున్నాము. నెల తరువాత మీరు చెప్పిన రోజున వచ్చి కలుస్తాము.’

ఈ లేఖలో మేము ఎక్కువసేపు ఆలోచించింది చివరి పేరా గురించి. తల్లిదండ్రులు ఉదయం ఇరవై రూపాయలు చేతిలో పెట్టి, వాడు చిప్స్ కొన్నాడని సాయంత్రం ప్రిన్సిపాల్‌ను నిందించడం న్యాయం కాదు. గుడాలు చేసిన రోజున కొనేవారు లేకపోతే వ్యాపారి రెండవ వారమే మానేస్తాడు, అప్పుడు అతనిది తప్పు అనలేము. కొనుగోలు మాట వ్రాతపూర్వకంగా ఉంటే ప్రిన్సిపాల్ గారు కాంట్రాక్టరుతో మాట్లాడడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

మరొక విషయం కూడా చెప్పాలి. ఆ తండ్రి లేఖలో ఖుర్ఆన్ ప్రస్తావన పెట్టాలని అనుకొన్నారు. తిండి గురించి చెబుతూ ఖుర్ఆన్ హలాల్ అన్న మాట పక్కనే తయ్యిబ్, అంటే శుద్ధమైనది, మేలైనది అన్న మాటను కూడా ఉంచింది. మన ఇళ్ళలో మొదటి మాట గురించి విచారణ ఎంతో జరుగుతుంది, రెండవ మాట దగ్గరకు వచ్చేసరికి ఆకుపచ్చ చుక్క ఉన్న ప్యాకెట్టును నిశ్చింతగా పిల్లల చేతికి ఇస్తాము. ఈ మాట ఇంట్లో చెప్పుకోవలసినదే. లేఖలో మాత్రం వద్దని మేము సలహా ఇచ్చాము. అది ఒక వర్గం వారి కోరికగా కనిపిస్తే యాజమాన్యానికి దాటవేయడం సులువవుతుంది. ఉప్పు, చక్కెర అందరి పిల్లల రక్తంలోనూ ఒకే విధంగా కలుస్తాయి. ఆయన తన వీధిలోని వారితో, కుమారుని తరగతిలోని ఇతర పిల్లల తల్లులతో మాట్లాడి పద్నాలుగు సంతకాలు చేయించారు. వాటిలో సగానికి పైగా ముస్లిమేతర కుటుంబాలవి. సంతకం పెట్టిన ఒక తల్లి, మజ్జిగలో ఉప్పు తక్కువ వేయించమని కూడా చేర్చమన్నారు. మాకు తట్టని విషయం అది, చేర్చాము.

ఫలితం సగమే దక్కింది. తీపి సీసాలు మూడు వారాలలో కిటికీ నుండి పోయాయి. చిప్స్ ఇంకా ఉన్నాయి. గుడాలు మొదటి మంగళవారం సగానికి పైగా మిగిలిపోయాయి, చప్పగా మెత్తగా ఉన్నాయని పిల్లలన్నారు. రెండవ వారం సోడా వేయడం మాని, నానబెట్టి గింజ విడిగా ఉండేలా ఉడికించి, ఉల్లి, నిమ్మరసం చల్లారు. అప్పటి నుండి మొదటి విరామంలోనే అయిపోతున్నాయి. నూనె పలక మీద తేదీ పది రోజులు వ్రాసి మానేశారు. నీటి పరీక్ష ఫలితం ఇంకా రాలేదు.

గేటు బయటి బండ్ల సంగతి వేరు. 50 మీటర్ల నియమం వారికీ వర్తిస్తుంది, కాని దానిని అమలు చేయవలసింది మునిసిపాలిటీ, ఆహార భద్రతా అధికారులు, ప్రిన్సిపాల్ కాదు. ఆ బండ్ల వారిలో మన బస్తీల పేదలే ఎక్కువ. బండి ఎత్తివేయమని అర్జీ పెట్టే ముందు, ఉడికించిన మక్క కంకులు, పల్లీలు, కోసి మూత పెట్టిన జామకాయ అమ్మమని వారితో ఒకమాట మాట్లాడి చూడండి. గేటు దగ్గర ఏమి అమ్ముడుపోతుందో వారికి మనకంటే బాగా తెలుసు.

లేఖను రెండు ప్రతులుగా తయారు చేసి, ఒకటి కార్యాలయంలో ఇచ్చి రెండవ దాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. పదిహేను రోజులు ఆగి, మర్యాదగా మరొకసారి కలవండి. రిజిస్ట్రేషన్ సంఖ్య 14 అంకెలు. 1తో మొదలైతే లైసెన్సు, 2తో మొదలైతే రిజిస్ట్రేషన్. అసలు సంఖ్యే లేకపోయినా, జబ్బు చేసే తిండి అమ్ముతున్నా, అప్పుడు జిల్లా ఆహార భద్రతా అధికారికి వ్రాయవలసి ఉంటుంది. లేఖకు అన్నిటికంటే అనువైన కాలం ఫిబ్రవరి, మార్చి. క్యాంటీన్ ఒప్పందాలు సాధారణంగా కొత్త విద్యా సంవత్సరానికి ముందు వేసవిలో మళ్ళీ వ్రాసుకొంటారు. అమ్మరాని పదార్థాల జాబితా, వారానికి రెండు రోజుల ఉడికించిన తిండి ఆ ఒప్పందంలో షరతుగా చేరితే, జూన్‌లో కొత్త కాంట్రాక్టరు వచ్చినా అవి అతనికీ వర్తిస్తాయి. నల్లగొండ తండ్రి లేఖ జూలైలో చేరింది. చిప్స్ విషయంలో ఇప్పుడు ఆయన రెండవ లేఖ తయారు చేసి, ఫిబ్రవరి మొదటి వారం తేదీ వేసి ఉంచారు.